ఖాళీ సాకెట్ ఎందుకు కాలుతోంది: పాత అల్యూమినియం వైరింగ్‌లో జాయింట్ల సంగతి

ప్రశ్న: మాది పాత బిల్డింగ్, గోడల్లో వెండి రంగు వైర్లే ఉన్నాయి. పడకగదిలో 2000 వాట్ల హీటర్ వేస్తే, ముందు గదిలో ఏమీ పెట్టని ఖాళీ సాకెట్ ప్లేటు వేడెక్కుతోంది. చేపల వాసన లాంటిది కూడా వస్తోంది. హీటర్ పెట్టిన సాకెట్ మాత్రం మామూలుగానే ఉంది. 16 ఆంపియర్ల ఎంసీబీ ఒక్కసారి కూడా పడలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి స్క్రూలు బిగించాడు, కొన్నాళ్లు బాగుంది, మళ్లీ మొదలైంది. హీటర్ పక్కనే ఉన్న సాకెట్‌లో మీటర్ పెట్టి చూస్తే మామూలుగా 232 వోల్టులు, హీటర్ వేస్తే 224. బోర్డు నుంచి అక్కడికి వైరు 20 మీటర్లు ఉంటుంది. మొత్తం వైరింగ్ మార్చాల్సిందేనా?

సమాధానం:

ముందు ఈరోజు చేయాల్సిన పని చెప్తాను. రిపేరు అయ్యేదాకా ఆ సర్క్యూట్ మీద హీటర్, ఇస్త్రీ పెట్టె, గీజర్ లాంటి వేడి పుట్టించే వస్తువులేవీ పెట్టకండి. వాసన వచ్చేదాకా వెళ్లిందంటే లోపల ప్లాస్టిక్ మాడడం మొదలైందని అర్థం. సాకెట్లు, స్విచ్చుల తయారీకి వాడే కొన్ని గట్టి ప్లాస్టిక్‌లు మితిమీరి వేడెక్కితే సరిగ్గా ఆ చేపల వాసనే వస్తుంది. వీలైతే ఆ ఎంసీబీని ఆపేసి ఉంచండి. లైట్ల కోసం ఆపలేని పరిస్థితి ఉంటే చిన్న లోడుతోనే సరిపెట్టుకోండి.

ఇక మీరు రాసిన వాటిలో నాకు బాగా పనికొచ్చిన విషయం హీటర్ పెట్టిన సాకెట్ కాకుండా వేరే గదిలో ఖాళీ సాకెట్ వేడెక్కడం. చాలామంది దీన్ని నమ్మరు, "ఏమీ పెట్టలేదు కదా, ఎలా వేడెక్కుతుంది" అంటారు. పాత వైరింగ్‌లో ఒక సాకెట్ నుంచి ఇంకో సాకెట్‌కు వైరు లూపుగా వెళ్తుంది. బోర్డు నుంచి వచ్చిన వైరు ముందు గది సాకెట్ టెర్మినల్‌లో దూరి, అదే స్క్రూ కింద నుంచి రెండో వైరుగా పడకగదికి సాగుతుంది. అంటే హీటర్ తాగే కరెంటు మొత్తం ఆ ఖాళీ సాకెట్ స్క్రూ కింద నుంచే పోతోంది. అక్కడ ప్లగ్గు లేకపోయినా జాయింటు ఉంది, దాని గుండా పూర్తి లోడు ఉంది. అందుకే ఎక్కడ వాడుతున్నామో అక్కడ కాకుండా, దారిలో ఎక్కడ జాయింటు పాడైందో అక్కడ వేడి పుడుతుంది. ఈ రకం ఫిర్యాదు వచ్చినప్పుడు వాడే సాకెట్ నుంచి బోర్డు దాకా దారిలో ఉన్న ప్రతి పెట్టెనూ తెరవాలి.

ఎంసీబీ ఎందుకు పడలేదో లెక్క వేస్తే తెలుస్తుంది. మీ హీటర్ 224 వోల్టుల దగ్గర దాదాపు 8.5 ఆంపియర్లు తీసుకుంటుంది. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. దాని వరకు అంతా సవ్యంగానే ఉంది. జాయింటు పాడైతే దారిలో నిరోధం పెరుగుతుంది కాబట్టి కరెంటు పెరగకపోగా కాస్త తగ్గుతుంది కూడా. ఎంసీబీ చూసేది తన గుండా పోయే కరెంటునే, దూరాన ఉన్న స్క్రూ వేడి దానికి తెలిసే దారి లేదు. ఆర్‌సీసీబీ కూడా ఇక్కడ ఏమీ చేయలేదు, ఎందుకంటే కరెంటు ఎర్త్‌కు లీకు కావడం లేదు. వెళ్లినంత న్యూట్రల్‌లో తిరిగి వస్తోంది. స్పార్కింగును పసిగట్టే కొత్త రకం పరికరాలు ఉన్నాయి గానీ, చిటపటలు లేకుండా ఎర్రగా మాడుతూ ఉండే జాయింటును అవి కూడా వదిలేయవచ్చు. కాబట్టి "ఎంసీబీ పడలేదు కాబట్టి పరవాలేదు" అనుకోవడం ఈ విషయంలో చాలా ప్రమాదం.

ఇప్పుడు మీ 8 వోల్టులు ఎక్కడికి పోయాయో చూద్దాం. పాత ఇళ్లలో సాకెట్లకు ఎక్కువగా వేసే 2.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరే మీదీ అనుకుంటాను. ఆ వైరు మీటరుకు దాదాపు 0.0113 ఓమ్ నిరోధం ఇస్తుంది. 20 మీటర్ల దూరం అంటే పోను రాను 40 మీటర్లు, మొత్తం 0.45 ఓమ్. 8.5 ఆంపియర్లకు దాని మీద 3.8 వోల్టులు పడిపోతాయి. ఇది వైరు సహజ గుణం, తప్పేమీ కాదు. ఆ నష్టం తాలూకు వేడి కూడా 40 మీటర్ల పొడవునా పరుచుకుంటుంది కాబట్టి తెలియదు. హీటర్ వేసినప్పుడు మెయిన్ బోర్డు దగ్గరే ఓ వోల్టు తగ్గుతుందనుకోండి. అది బయటి సప్లయి సంగతి. ఈ రెండూ తీసేస్తే ఇంకా 3 వోల్టుల పైనే మిగులుతుంది. ఉదాహరణకు 3.2 అనుకుందాం. మంచి జాయింటు మీద పడాల్సింది వోల్టులో వందో వంతు, అంతకు అటూ ఇటూ. 3.2 వోల్టులు, 8.5 ఆంపియర్లు అంటే 27 వాట్లు. అంటే వైర్లు అతికే చిన్న సోల్డరింగ్ ఐరన్ ఒకటి గోడ పెట్టెలో పెట్టి, హీటర్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆన్‌లో ఉంచినట్టే. ఆ వేడంతా ఒక స్క్రూ మొన దగ్గర పుడుతుంది. పెట్టె మూసి ఉంటుంది, గాలి ఆడదు. వెనక చెక్క బోర్డు ఉంటే ఇంకా భయం.

మీరు ఊహ మీద ఆధారపడక్కర్లేదు, ఇంకో రెండు మూడు కొలతలతో ఆ జాయింటు ఎక్కడుందో తేలిపోతుంది. ఇది మీరే చేయాలని కాదు, వచ్చే ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. పరీక్ష కోసం హీటర్ కొద్ది నిమిషాలే వేయాలి, ఆ కొద్దిసేపూ మనిషి అక్కడే ఉండాలి. ముందు మెయిన్ బోర్డు దగ్గర హీటర్ ఆఫ్‌లో ఒకసారి, ఆన్‌లో ఒకసారి చూడాలి. సప్లయి వోల్టేజి దానంతటదే పెరిగి తగ్గుతుంటుంది కాబట్టి ఆన్, ఆఫ్ మూడు నాలుగు సార్లు మార్చి చూస్తేనే నమ్మకం. తర్వాత ముందు గది ఖాళీ సాకెట్‌లో అదే పని. ఆ సాకెట్ బోర్డు నుంచి 12 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. అక్కడిదాకా వైరు మీద 2.3 వోల్టులు, బయటి సప్లయిది ఒకటి, మొత్తం 3.3 తగ్గి దాదాపు 228.7 కనిపించాలి. అక్కడ నిజంగా అంతే కనిపించి, మిగతా 8 మీటర్లు దాటాక పడకగదిలో 224 కనిపిస్తే, మధ్యలో 4.7 పోయినట్టు. 8 మీటర్ల వైరుకు న్యాయంగా పోవాల్సింది 1.5 మాత్రమే. అంటే మిగతా 3.2 ఖాళీ సాకెట్ నుంచి బయటికి వెళ్లే వైరు దగ్గరైనా, పడకగది సాకెట్‌లోకి వచ్చే వైరు దగ్గరైనా, ఆ రెంటి మధ్య గోడలో దాగిన జాయింటు దగ్గరైనా పోతోంది. మీ ఇంట్లో వేడెక్కుతున్నది మొదటిదే కాబట్టి అనుమానం అటే వెళ్తుంది.

పాడైన జాయింటు ఫేజ్ వైపా, న్యూట్రల్ వైపా అన్నది కూడా పెట్టె తెరవకుండానే కనుక్కోవచ్చు. హీటర్ ఆన్‌లో ఉండగా పడకగది సాకెట్‌లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి చూడాలి. న్యూట్రల్ వైరు 20 మీటర్ల మీద 1.9 వోల్టులు రావడం సహజం. 2 చుట్టుపక్కల ఉంటే న్యూట్రల్ బాగుందని, తప్పు ఫేజ్ వైపు ఉందని అర్థం. 5 దాకా వస్తే పాడైనది న్యూట్రల్ స్క్రూ. బోర్డు దగ్గర కూడా అదే కొలత తీసుకుని దీంట్లోంచి తీసేయాలి, ఎర్త్ వైరు సవ్యంగా ఉండాలి, అప్పుడే ఈ లెక్క పనికొస్తుంది. న్యూట్రల్ జాయింట్లను జనం నిర్లక్ష్యం చేస్తారు, "అందులో కరెంటు ఉండదు కదా" అని. ఫేజ్‌లో పోయే కరెంటంతా న్యూట్రల్‌లోనూ పోతుంది, వేడి రెండు చోట్లా సమానంగానే పుడుతుంది. పైగా న్యూట్రల్ పూర్తిగా తెగిపోతే ఆన్‌లో ఉన్న వస్తువు గుండా ఫేజ్ వచ్చి ఆ న్యూట్రల్ వైరులో కూర్చుంటుంది. ముట్టుకుంటే షాకే.

మెగ్గర్‌తో చూసి "వైరింగ్ బాగుంది" అని చెప్పి వెళ్లిపోయేవాళ్లున్నారు. మెగ్గర్ చెప్పేది వైర్ల మధ్య ఇన్సులేషన్ గురించి. లూజ్ జాయింటు గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. మెగ్గర్ పరీక్ష అవసరమే, కానీ అది ఇంకో ప్రశ్నకు సమాధానం.

ఇక స్క్రూ బిగిస్తే ఎందుకు నిలవలేదన్నది అసలు సంగతి. అల్యూమినియంలో ఇక్కడ ఇబ్బంది పెట్టే గుణాలు రెండు, అవి ఒకదానికొకటి తోడవుతాయి. మొదటిది, అది మెత్తనిది. నొక్కి పట్టి ఉంచితే ఏళ్ల తరబడి మెల్లగా పక్కలకు జరుగుతుంది, వేడి ఉంటే ఇంకా త్వరగా. దానికి తోడు వేడికి అల్యూమినియం రాగి కంటే మూడో వంతు ఎక్కువగా వ్యాకోచిస్తుంది, ఇనుప స్క్రూ కంటే దాదాపు రెట్టింపు. హీటర్ వేసినప్పుడు వైరు ఉబ్బుతుంది, స్క్రూ అంతగా ఉబ్బదు, మధ్యలో నలిగిన మెత్తని లోహం పక్కకు పొంగుతుంది. హీటర్ ఆపాక వైరు చల్లబడి ముడుచుకుంటుంది, పొంగినది మాత్రం వెనక్కి రాదు. వెంట్రుకలో ఎన్నో వంతో ఖాళీ ఏర్పడుతుంది. రోజూ ఇలా జరుగుతుంటే స్క్రూ తిరగకుండానే పట్టు సడలిపోతుంది. అందుకే పెట్టె విప్పినప్పుడు "స్క్రూ టైటుగానే ఉంది కదా" అనిపించినా వైరు పట్టుకుని లాగితే ఊగుతుంది.

రెండోది ఆక్సైడ్ పొర. కొత్తగా గీకిన అల్యూమినియం గాలి తగిలిన వెంటనే ఒక పల్చని పొర కప్పుకుంటుంది. అది వైరును తుప్పు నుంచి కాపాడుతుంది గానీ కరెంటును మాత్రం పోనివ్వదు. అదెంత మొండిదంటే, అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది, ఆ పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. కాబట్టి వేడికి అది కాలిపోయి దారి ఇస్తుందనే ఆశ లేదు. కొత్త జాయింటులో స్క్రూ ఒత్తిడికి పొర అక్కడక్కడా పగిలి, లోహానికి లోహం తగిలి కరెంటు పోతుంది. పట్టు సడలి సందులోకి గాలి దూరగానే ఆ తగిలే చుక్కలు ఒక్కొక్కటే పొర కప్పుకుంటాయి. మిగిలిన కొద్ది చుక్కల మీద కరెంటంతా పడుతుంది, అవి ఇంకా వేడెక్కుతాయి, ఆ వేడికి ఇంకా సడలుతుంది. మొదటి దశ ఏళ్లు తీసుకోవచ్చు. వేడి చేతికి తెలిసేదాకా వచ్చాక మిగతాది చాలా వేగంగా సాగుతుంది. మీ సాకెట్ ఇప్పుడున్నది ఆ దశలోనే.

ఇప్పుడు ఆ స్క్రూను ఇంకో రెండు చుట్లు బిగిస్తే ఏమవుతుంది? అప్పటికే నలిగి పల్చబడిన వైరు ఇంకా పల్చనవుతుంది. పొర కొన్ని చోట్ల పగిలి కొన్నాళ్లు కరెంటు బాగా పోతుంది. పాడైన ఉపరితలం మాత్రం అక్కడే ఉంది, కాబట్టి అదే కథ మళ్లీ మొదలవుతుంది. మీ ఎలక్ట్రీషియన్ పని చేయలేదని నేను అనను, రాగి వైరు అయితే ఆ పని సరిపోయేది. అల్యూమినియంకు మాత్రం పాడైన కొసను కత్తిరించి పారేయకుండా చేసిన బిగింపు రిపేరు కిందికి రాదు.

పెట్టె తెరిచినప్పుడు ఏం చూడాలో చెప్తాను. మెయిన్ ఆపి, టెస్టర్ పనిచేస్తోందని కరెంటున్న చోట ఒకసారి చూసుకుని, ఈ పెట్టెలో ఫేజ్, న్యూట్రల్ రెండూ చచ్చాయని నిర్ధారించుకుని, మళ్లీ కరెంటున్న చోట టెస్టర్ చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. పాత బిల్డింగుల్లో ఒక పెట్టెలోకి రెండు సర్క్యూట్ల వైర్లు రావడం మామూలే, ఒక ఎంసీబీ ఆపితే సరిపోతుందని అనుకోకండి.

వైరు అల్యూమినియమేనా అన్నది ముందు తేల్చుకోవాలి. వెండి రంగు కనిపించగానే అల్యూమినియం అనేయకూడదు. రబ్బరు ఇన్సులేషన్ ఉన్న బాగా పాత వైర్లలో రాగి మీద తగరం పూత ఉండేది, అవి కూడా తెల్లగానే కనిపిస్తాయి. తాజాగా కత్తిరించిన కొస చూడండి, లోపల ఎర్రగా ఉంటే రాగి, మొత్తం తెల్లగా ఉంటే అల్యూమినియం.

తర్వాత ఇన్సులేషన్ చూడండి. వేడి తగిలిన చోట అది టెర్మినల్ నుంచి వెనక్కి ముడుచుకుపోయి, ఎక్కువ లోహం బయటపడి ఉంటుంది. గోరుతో నొక్కితే గట్టిగా పెళుసుగా ఉంటుంది, వంచితే పగులుతుంది. అదే పెట్టెలో ఇంకో వైరు ఇన్సులేషన్ మెత్తగా ఉండి ఇదొక్కటే ఇలా ఉంటే, ఈ జాయింటు ఎంతకాలంగా వేడెక్కుతోందో అదే చెప్తుంది. ప్లేటు వెనకవైపు గోధుమ రంగు మచ్చ ఉంటుంది, ముందు వైపు తెల్లగా ఉన్నా సరే. స్క్రూ మెరుపు పోయి నీలంగానో నల్లగానో మారి ఉండొచ్చు. వైరు కొస బూడిద రంగులోకి తిరిగి, స్క్రూ కింద బద్దలా చదునై, దాని పక్కనే సన్నబడి ఉంటుంది. చాలాసార్లు వైరు తెగేది ఆ సన్నబడిన చోటే.

తెల్ల పొడి గురించి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. నేను పైన చెప్పిన ఆక్సైడ్ పొర కంటికి కనిపించదు, అంత పల్చన. కంటికి కనిపించే తెల్లటి పొడి పేరుకుందంటే అక్కడ తేమ కూడా చేరిందని అర్థం. రాగి, ఇత్తడి అల్యూమినియంకు తగులుతూ ఉండి తేమ చేరితే, ఆ రెండిట్లో తినేయబడేది ఎప్పుడూ అల్యూమినియమే. బాత్రూమ్ గోడకు ఆనుకున్న పెట్టెల్లో, వాన నీరు చెమ్మగా దిగే గోడల్లో ఇది ఎక్కువ. అందుచేత తెల్ల పొడి ఉంటే జాయింటు పాడైనట్టే, కానీ పొడి లేనంత మాత్రాన బాగున్నట్టు కాదు. మీ ఖాళీ సాకెట్‌లో పొడి అసలు ఉండకపోవచ్చు, వైరు శుభ్రంగా కూడా కనిపించవచ్చు. 3 వోల్టుల నష్టం ఉన్నప్పుడు కంటి మాట కంటే మీటరు మాటే నమ్మండి.

పెట్టె తెరవకముందే దొరికే సూచనలు కూడా ఉన్నాయి. బరువైన లోడు వేసినప్పుడు అదే సర్క్యూట్ మీద లైటు మినుకుమినుకుమనడం, ప్లేటు దగ్గర చెవి పెడితే సన్నగా చిటచిట వినిపించడం, మీటరులో అంకె ఒక చోట నిలవకుండా గెంతడం. లైటు ఒక్కసారి డిమ్ అయి అలాగే నిలిస్తే అది చాలావరకు వైరు నష్టం, వణుకుతూ ఉంటే లూజ్ కనెక్షన్. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే లోడు పెట్టిన కొద్ది నిమిషాలకు ప్లేట్ల మీద చూసి, ఒకే రకం సాకెట్లను ఒకదానితో ఒకటి పోల్చండి. మెరిసే లోహం మీద అది తప్పు అంకె చూపిస్తుంది, ప్లాస్టిక్ మీదే నమ్మాలి. ప్లేటు మీద కనిపించే వేడి లోపలి స్క్రూ వేడిలో చిన్న భాగమేనని గుర్తుంచుకోండి.

రిపేరు ఎలా ఉండాలి? కాలిన సాకెట్‌ను పారేయాలి, దాని స్ప్రింగులు వేడికి సత్తువ పోగొట్టుకుని ఉంటాయి. వైరు కొసను లోహం తెల్లగా, ఇన్సులేషన్ మెత్తగా ఉన్న చోటు దాకా కత్తిరించాలి. ఇన్సులేషన్ తీసేటప్పుడు సరైన సైజు స్ట్రిప్పర్ వాడాలి. పళ్లతోనో బ్లేడుతోనో తీస్తే పడే చిన్న గాటు దగ్గరే అల్యూమినియం రెండు మూడు సార్లు వంగగానే విరుగుతుంది. తర్వాత అల్యూమినియం జాయింట్ల కోసం దొరికే ఆక్సైడ్ నిరోధక పేస్టు వైరుకు రాసి, ఆ పేస్టు కిందే సన్నని ఎమరీ పేపరుతోనో చిన్న వైర్ బ్రష్‌తోనో రుద్దాలి. ముందు రుద్ది తర్వాత పేస్టు రాస్తే ఆ మధ్యలోనే పొర మళ్లీ వచ్చేస్తుంది. పేస్టు లోపల రుద్దితే పొర పోయిన చోటికి గాలి చేరదు.

ఆ తర్వాత ఈ అల్యూమినియం వైరును నేరుగా కొత్త సాకెట్‌కు పెట్టకండి. మామూలు సాకెట్లు, స్విచ్చుల ఇత్తడి టెర్మినళ్లు రాగి వైరును దృష్టిలో పెట్టుకుని చేసినవి. అల్యూమినియంకూ రాగికీ రెండింటికీ పనికొస్తుందని తయారీదారు ప్రకటించిన కనెక్టర్ తీసుకోవాలి. మీ లాంటి లూపు పెట్టెకు మూడు రంధ్రాలది కావాలి. ఒకదాంట్లో బోర్డు నుంచి వచ్చే అల్యూమినియం, ఒకదాంట్లో పడకగదికి వెళ్లే అల్యూమినియం, మూడోదాంట్లో సాకెట్‌కు వెళ్లే చిన్న రాగి ముక్క. ప్రతి వైరుకూ దాని సొంత స్క్రూ ఉంటుంది, రాగి, అల్యూమినియం ఒకదానికొకటి నేరుగా తగలవు. దీంతో ఇంకో లాభం కూడా ఉంది. పడకగది కరెంటు ఇక మీదట ఈ సాకెట్ స్క్రూల గుండా పోదు. ఫేజ్‌కు ఒకటి, న్యూట్రల్‌కు ఒకటి, ఎర్త్ కూడా అల్యూమినియమే అయితే దానికీ ఒకటి పెట్టాలి. స్క్రూను తయారీదారు చెప్పిన టార్క్‌కు టార్క్ స్క్రూడ్రైవర్‌తో బిగించాలి. ఈ పనిముట్టు మన ఎలక్ట్రీషియన్ల సంచీలో అరుదు, కానీ అల్యూమినియం దగ్గర దాని అవసరం చాలా ఉంది. తక్కువ బిగిస్తే పట్టు ఉండదు, ఎక్కువ బిగిస్తే వైరు నలిగి సన్నబడుతుంది.

అల్యూమినియం, రాగి కలిపి మెలితిప్పి టేపు చుట్టడం మాత్రం ఎవరు చేస్తానన్నా ఒప్పుకోకండి. నేను చూసిన అతి చెడ్డ జాయింట్లన్నీ అవే. మెలిక మొదట గట్టిగా ఉంటుంది, రెండు లోహాలు వేర్వేరుగా ఉబ్బి ముడుచుకుంటూ సడలుతాయి. పైన ఉన్న టేపు వేడిని లోపలే పట్టి ఉంచి, కరిగి, సూచనలన్నీ కప్పేస్తుంది.

ఇదంతా అతి జాగ్రత్తలా అనిపిస్తే ఒక్క విషయం చెప్తాను. అమెరికాలో 1965 నుంచి 1973 మధ్య రాగి ధర పెరిగి చాలా ఇళ్లకు అల్యూమినియం వైర్లు వేశారు. ఆ తర్వాత అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంఘం తరఫున జరిగిన సర్వేలో, 1972కు ముందు అల్యూమినియం వైరింగ్ వేసిన ఇళ్లలో కనెక్షన్లు నిప్పంటుకునే స్థితికి చేరే అవకాశం రాగి ఇళ్ల కంటే 55 రెట్లు ఎక్కువని తేలింది. ఆ సంఘం శాశ్వత పరిష్కారాలుగా ఒప్పుకున్నవి మూడే. మొత్తం రాగి వైరింగ్, ప్రత్యేక యంత్రంతో రాగి ముక్కను చల్లగా నొక్కి అతికించే క్రింపు, నేను పైన చెప్పిన రకం స్క్రూ కనెక్టర్. వైరు మధ్యలో ఎక్కడా పెద్దగా సమస్య లేదు, సమస్యంతా కొసల దగ్గరే అన్న సంగతి ఆ మూడింట్లో రెండు కొసల రిపేర్లే కావడంలో కనిపిస్తుంది. పెద్ద సర్వీసు కేబుళ్లు, కరెంటు స్తంభాల మీది లైన్లు నేటికీ అల్యూమినియమే. అవి తగిన లగ్గులతో, తగిన ఒత్తిడితో క్రింపు చేస్తారు కాబట్టి నిలుస్తాయి.

మీ చివరి ప్రశ్నకు నా సలహా ఇది. హీటర్, గీజర్, ఏసీ లాంటి బరువైన లోడ్లకు బోర్డు నుంచి నేరుగా కొత్త రాగి వైరు లాగించండి, దానికి విడిగా ఎంసీబీ పెట్టించండి. ఆ ఖర్చు తప్పించుకోవద్దు. మిగతా లైట్లు, ఫ్యాన్లు, చిన్న సాకెట్ల అల్యూమినియం వైర్లు ఇన్సులేషన్ మెత్తగా ఉండి మెగ్గర్ పరీక్షలో నిలిస్తే, కొసలన్నీ పైన చెప్పినట్టు రిపేరు చేయించి ఉంచుకోవచ్చు. "కొసలన్నీ" అన్నది అక్షరాలా. వేడెక్కిన ఒక్క పెట్టె చేసి ఆగితే, అదే ఇంట్లో అదే కాలంలో అదే చేతులు చేసిన మిగతా జాయింట్లు వంతు కోసం ఎదురుచూస్తుంటాయి. సీలింగు మీది ఫ్యాన్ పెట్టెలు, గోడల మూలల్లో ఉండే జంక్షన్ బాక్సులు, బోర్డు లోపలి న్యూట్రల్ లింకు, అన్నీ అందులోకే వస్తాయి.

రిపేరు కుదరదని తేల్చేవి కూడా ఉన్నాయి. వంచగానే ఇన్సులేషన్ రాలిపోతుంటే, కొస కత్తిరించాక పెట్టెలో వైరు కనెక్టర్‌కు అందనంత పొట్టిగా మిగిలితే, జాయింటు గోడలో ప్లాస్టరు కింద పూడిపోయి చేతికి అందకపోతే, ఆ ముక్కను కొత్త రాగి వైరుతో మార్చడం తప్ప దారి లేదు. పొట్టి వైరును బలంగా లాగి సాగదీయొద్దు, గోడ లోపల ఎక్కడో విరిగి కొత్త లూజ్ కనెక్షన్ తయారవుతుంది.

ఎంసీబీ విషయంలో ఒక మాట. పెద్ద లోడుకు పడుతోందని ఎవరైనా 16 తీసి 25 పెడతామంటే వద్దనండి. అదే మందంలో అల్యూమినియం రాగి మోసే కరెంటులో నాలుగింట మూడు వంతులే మోయగలదు. మిగిలిపోయే అల్యూమినియం సర్క్యూట్లకు ఇప్పుడున్న ఎంసీబీ కంటే చిన్నది పెట్టించడం మంచిది. లైట్లు, ఫ్యాన్లకు 6 ఆంపియర్లది చాలు. ఎవరో మరిచిపోయి ఆ సర్క్యూట్‌లో హీటర్ పెడితే, వెంటనే కాకపోయినా కొంతసేపటికి అది పడిపోయే అవకాశం ఎక్కువ.

పని అయ్యాక ఎలక్ట్రీషియన్ వెళ్లకముందే కొలతలు మళ్లీ తీయించండి. కొత్త రాగి లైను వేసేలోపు పాత లైను మీదే పరీక్షిస్తే, హీటర్ ఆన్‌లో ఉండగా పడకగదిలో 227 పైన కనిపించాలి, అంటే తగ్గుదల 5 వోల్టులకు లోపు. అంకెలు తేదీతో ఒక కాగితం మీద రాసి బోర్డు తలుపు లోపల అంటించండి. ఆరు నెలలకోసారి స్క్రూలు విప్పి బిగించే బదులు, అదే లోడుతో అదే సాకెట్లలో వోల్టేజి చూసి ఆ కాగితంతో పోల్చండి. ఒక వోల్టు అదనంగా తగ్గినా ఆ దారిలో పెట్టెలు తెరిపించండి.